మచ్చ పోవాలి, చర్మం మిగలాలి

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తుంటే ఇలాంటి ఫొటో ఒకటి తప్పకుండా తగులుతుంది. పెళ్లికూతురు గడ్డం కింద చెయ్యి ఆనించి నవ్వుతుంటుంది. చేతి మీద గోరింటాకు, వేళ్ల కణుపుల దగ్గర ముడతలు, మణికట్టు మీద సన్నని నూగు అన్నీ స్పష్టంగా కనిపిస్తుంటాయి. ఆ చేతికి ఆనుకున్న చెంప మీద మాత్రం ఒక్క గీత ఉండదు, ఒక్క రంధ్రం ఉండదు. నున్నగా పూసిన రంగు ఉంటుంది, అంతే. చెయ్యి, ముఖం ఒకే మనిషివని నమ్మడం కష్టమవుతుంది. ఫొటోలు దిద్దేవాళ్లు దీన్ని ప్లాస్టిక్ స్కిన్ అంటారు.

అలా చేసిన ఎడిటర్ ఉద్దేశం చెడ్డదేమీ కాదు. అసలు ఫొటోలో ఆ అమ్మాయి మూతి చుట్టూ కాస్త నలుపు ఉండి ఉంటుంది. కళ్ల కింద నిద్రలేని రాత్రుల జాడ, నుదుటికి రెండు పక్కలా పాత మొటిమలు వదిలిన మచ్చలు, మెడ దగ్గర పసుపు ఛాయ ఉండి ఉంటాయి. వాటిని తగ్గించాలనుకోవడం న్యాయమే. మండపంలో మనం ఆమెను చూసినప్పుడు అవి మన కంటికి అంతగా ఆనలేదు. వీడియో లైటు వెలుగులో కదలకుండా నిలిచిపోయిన ఫొటోలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చిక్కల్లా ఆ నలుపును తీసేయడానికి వాడిన పనిముట్టుతోనే వచ్చింది. ముఖం మొత్తాన్ని మసకబారిస్తే మచ్చతో పాటు చర్మమూ పోతుంది.

ఈ రెండింటినీ విడదీయవచ్చు. ఎందుకు విడదీయవచ్చో తెలియాలంటే ముందు కొలతలు చూడాలి.

24 మెగాపిక్సెల్ కెమెరాతో నడుము దాకా తీసిన ఫొటోలో నుదుటి పైనుంచి గడ్డం దాకా ముఖం ఎత్తు సుమారు 1400 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. అసలు ముఖం ఎత్తు ఇంచుమించు 200 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక మిల్లీమీటరు చర్మానికి 7 పిక్సెళ్లు దక్కాయన్నమాట. కంటికి కనిపించే చర్మ రంధ్రం మిల్లీమీటరులో పావు వంతు, మూడో వంతు ఉంటుంది. అంటే ఫొటోలో అది రెండు పిక్సెళ్ల చుక్క. అదే మూతి చుట్టూ ఉన్న నలుపు పదిహేను, ఇరవై మిల్లీమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. ఫొటోలో అది 100 నుంచి 140 పిక్సెళ్లు. మనం ఉంచాలనుకునేది రెండు పిక్సెళ్ల వస్తువు, సరిచేయాలనుకునేది వంద పిక్సెళ్ల వస్తువు. మధ్యలో యాభై రెట్ల తేడా ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు జల్లెడ పట్టి పిండినీ తవుడునూ వేరు చేసినట్టు వీటిని వేరు చేయవచ్చు.

ఆ జల్లెడ పేరు ఫ్రీక్వెన్సీ సెపరేషన్. పేరు బరువుగా ఉన్నా లోపల జరిగేది కూడిక, తీసివేతే. ఫొటోను రెండు పొరలుగా చేస్తాం. కింది పొరలో పెద్ద మార్పులు మాత్రమే ఉంటాయి. వెలుగు ఎటు నుంచి పడింది, చెంప ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఏ చోట రంగు ఎలా ఉంది అన్నవి అందులోకి వెళ్తాయి. పై పొరలో రంధ్రాలు, నూగు, సన్నని గీతలు, కనురెప్పల వెంట్రుకలు ఉంటాయి. రెండూ కలిపితే అసలు ఫొటో తిరిగి వచ్చేస్తుంది. మచ్చలు కింది పొరలో ఉన్నాయి కాబట్టి కింది పొరనే సరిచేస్తాం. పై పొర జోలికి పోకపోతే రంధ్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

మన స్టూడియోల్లో ఎక్కువగా వాడే ఫొటోషాప్‌లో దీన్ని ఇలా చేస్తారు. ముందు అసలు ఫొటో లేయర్‌కు రెండు నకళ్లు తీసుకోవాలి. కింది నకలుకు low అని, పై నకలుకు high అని పేరు పెడదాం. high కన్ను మూసి, low మీద Gaussian Blur తెరవాలి. Radius ఒకటి దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోవాలి. చెంప మీద రంధ్రాలు కనిపించకుండా పోయిన క్షణాన ఆపేయాలి. అక్కడితో ఆపడం చాలా ముఖ్యం. మనం చెప్పుకున్న 1400 పిక్సెళ్ల ముఖానికి అది 5, 6 దగ్గర ఆగుతుంది. ఫ్రేము నిండా ముఖమే ఉన్న ఫొటోకైతే 8, 10 దాకా వెళ్లవచ్చు. ఎవరో వీడియోలో చెప్పిన అంకెను కళ్లు మూసుకుని కొట్టేస్తే అది ఆ వీడియోలోని ఫొటోకే సరిపోతుంది, మన ఫొటోకు కాదు.

తర్వాత high కన్ను తెరిచి, దాన్ని ఎంచుకుని, Image మెనూలో Apply Image తెరవాలి. Layer అన్న చోట low ఎంచుకోవాలి. ఫొటో 8 బిట్‌లో ఉంటే Blending దగ్గర Subtract, Scale 2, Offset 128 పెట్టాలి. 16 బిట్‌లో ఉంటే Blending దగ్గర Add పెట్టి, Invert గడిలో టిక్ కొట్టి, Scale 2, Offset 0 ఇవ్వాలి. తెర మీద బూడిద రంగులో, శిల్పం అచ్చు తీసినట్టుగా ముఖం కనిపిస్తుంది. ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ను Linear Light చేయగానే ఫొటో మళ్లీ ఎప్పటిలా అయిపోతుంది. ఏమీ మారలేదనిపిస్తే పని సరిగ్గా జరిగినట్టే.

దీని వెనక ఉన్న లెక్క ఇంతే:

```
high  = (photo - low) / 2 + 128
photo = low + 2 * (high - 128)
```

ఒక ఉదాహరణ చూస్తే రంధ్రం ఎలా నిలబడుతుందో అర్థమవుతుంది. మూతి పక్కన నలుపు పట్టిన చోట ఎరుపు ఛానెల్‌లో చర్మం సగటు విలువ 142 ఉంది. అక్కడున్న ఒక రంధ్రం లోపల 132 ఉంది. తేడా పది. సగం చేస్తే ఐదు. 128లోంచి ఐదు పోతే high పొరలో ఆ రంధ్రం విలువ 123. ఇప్పుడు కింది పొరలో ఆ నలుపును సరిచేసి 142ను 158కి తెచ్చాం. కలిపినప్పుడు రంధ్రం విలువ 158లోంచి పది పోయి 148 అవుతుంది. చుట్టూ ఉన్న చర్మం తేటపడింది, రంధ్రమూ దానితో పాటే తేటపడింది. కానీ తన చుట్టుపక్కల కంటే పది తక్కువగా ఉండడం మాత్రం మానలేదు. ముఖం మీద వేలాది రంధ్రాలకు ఇదే జరుగుతుంది. చర్మం చర్మంలాగే కనిపించడానికి కారణం ఇదే.

ఫొటోషాప్ కొనలేనివాళ్లకు ఉచితంగా దొరికే జింప్‌లో కూడా ఇదంతా చేయవచ్చు. అసలు లేయర్ నకలును మసక చేసి, దాని మోడ్ Grain extract పెట్టి, Layer మెనూలో New from Visible నొక్కితే పై పొర తయారవుతుంది. మసక లేయర్‌ను మళ్లీ Normal చేసి, కొత్త పొరను దాని మీద Grain merge మోడ్‌లో ఉంచాలి. ఆ తర్వాత పని ఎక్కడైనా ఒకటే.

అసలు నైపుణ్యం కింది పొర మీద పనిలోనే ఉంది. పొరలు విడదీయడం ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకుంటారు. చాలామంది అక్కడితో పని నేర్చుకున్నామనుకుని, కింది పొర మీద ఏం చేయాలో ఆలోచించకుండా చెడగొడతారు.

ఎక్కువమంది చేసేది ఇది. Lasso తో చెంప మొత్తం చుట్టేస్తారు, దాని మీద Gaussian Blur యాభైకి లాగేస్తారు. రంధ్రాలు పై పొరలో భద్రంగా ఉన్నాయి కాబట్టి పోవు, నిజమే. కానీ మసకబారిస్తే మచ్చ మాయమైపోదు, చుట్టూ పాకుతుంది. మూతి పక్కన చిన్నగా ఉన్న నలుపు పలచబడి చెంప మీదికి వస్తుంది. ముక్కు పక్కనున్న నీడ, చెంప ఎముక మీది మెరుపు ఒకదాంట్లో ఒకటి కలిసి ముఖం చదునైపోతుంది. పెదవి అంచు దాకా చుట్టేస్తే లిప్‌స్టిక్ ఎరుపు చర్మంలోకి కారుతుంది. దవడ అంచు దాటితే వెనకనున్న పూలదండ రంగు చెంపలోకి వచ్చేస్తుంది. ఇలాంటి ముఖంలో రంధ్రాలుంటాయి గానీ ఎత్తుపల్లాలుండవు. నా దృష్టిలో ఇది ప్లాస్టిక్ స్కిన్ కంటే ఘోరం. రంధ్రాలు కనిపిస్తున్నాయి కదా అని ఎడిటర్ తృప్తి పడిపోతాడు. చూసేవాళ్లకు మాత్రం ఎక్కడో తేడాగా ఉన్నట్టు తోస్తుంది, ఏమిటో చెప్పలేరు.

దీనికంటే మంచి పద్ధతి ఉంది. low, high లేయర్ల మధ్య ఒక ఖాళీ లేయర్ పెట్టుకోవాలి. మెత్తని అంచున్న బ్రష్ తీసుకుని Flow ఐదు నుంచి పది శాతం మధ్య ఉంచాలి. ఐడ్రాపర్ నమూనాను ఒక్క పిక్సెల్ నుంచి కాకుండా 5 by 5 Average కు, లేదా ఇంకా పెద్దదానికి మార్చుకోవాలి. పొరపాటున ఒక వెంట్రుక రంగో, రంధ్రం రంగో పట్టుకోకుండా high కన్ను కాసేపు మూసి రంగు తీసుకోవడం మేలు. ఇప్పుడు నలుపు పట్టిన చోటికి ఆనుకుని ఉన్న మంచి చర్మం రంగును తీసుకుని, నలుపు మీద ఒక్కో పూత చొప్పున వేస్తూ పోవాలి. ఒక పూతకు తేడా కనిపించకపోవచ్చు. నాలుగో పూతకు కనిపిస్తుంది.

రంగు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నీడ పడిన వైపు మచ్చను నీడ వైపు చర్మంతోనే నింపాలి. వెలుగు వైపు నుంచి తెచ్చిన రంగు ఎంత మంచిదైనా నీడలో అది అతికించిన ముక్కలా బయటపడుతుంది.

మనం పట్టుకున్న ఫొటోలోనే చూద్దాం. మూతి చివర నలుపు ఉన్నచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 142, 101, 78 ఉన్నాయి. రెండు వేళ్ల అవతల చెంప మీద 168, 124, 98 ఉన్నాయి. మొదటిసారి చేసేవాళ్లు మూతి పక్కను కూడా 168కి తెచ్చేస్తారు. అలా చేయకూడదు. మూతి పక్కన చర్మం సహజంగా లోపలికి వంపు తిరుగుతుంది, అక్కడ కాస్త నీడ ఉండాలి. అందుకని 158, 115, 90 దగ్గర ఆపితే నలుపు పోయినట్టుంటుంది, వంపు మిగిలి ఉంటుంది. కళ్ల కింద కూడా అంతే. కంటి గుంటకు నీడ లేకపోతే కన్ను ముఖానికి అతికించినట్టుంటుంది. కళ్ల కింద నలుపును సగానికి తగ్గించి వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. పని పూర్తయ్యాక ఆ ఖాళీ లేయర్ Opacity ని సున్నాకు లాగి, మెల్లగా పెంచుతూ ఎక్కడ సరిపోయిందనిపిస్తే అక్కడ ఆపాలి. అది దాదాపు ఎప్పుడూ వంద కంటే బాగా తక్కువ దగ్గరే ఉంటుంది.

పై అంకెల్లో ఇంకో సంగతి దాగి ఉంది. నలుపు పట్టిన చోట మూడు ఛానెళ్లూ ఒకే నిష్పత్తిలో తగ్గలేదు. ఎరుపు ఆరో వంతు కంటే తక్కువే తగ్గింది. నీలం ఐదో వంతు తగ్గింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నీలం వెలుగును ఎక్కువగా, ఎరుపు వెలుగును తక్కువగా పీల్చుకుంటుంది. ఏ ఫొటోనైనా Channels పేనెల్‌లో ఒక్కో ఛానెల్‌గా తెరిచి చూడండి. ఎరుపులో ముఖం నున్నగా, తేటగా ఉంటుంది. నీలంలో మంగు మచ్చలు, పాత మొటిమల గుర్తులు అన్నీ ముందుకు వచ్చేస్తాయి. ఎడిటర్‌కు ఇది మంచి ఆయుధం. ఎక్కడ సరిచేయాలో తేలకపోతే నీలం ఛానెల్ చూపిస్తుంది. పాతకాలపు ఫొటో ప్లేట్లు ఎరుపును పట్టుకోలేకపోయేవి. అందుకే వాటిలో ముఖం మీద మచ్చలు ఉన్నవాటికంటే ముదురుగా వచ్చేవి. వెనక నుంచి వెలుగు పడే బల్ల మీద నెగెటివ్‌ను పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టి వాటిని సరిచేసేవారు. నెగెటివ్‌లో మచ్చ ఉన్న చోటు పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో కాస్త ముదురు చేస్తే ప్రింటులో అది తేటపడుతుంది. మన ఊళ్ల స్టూడియోల్లో నలుపు తెలుపు ఫొటోల కాలంలో రీటచింగ్ అంటే ఈ పనే. ఫ్లో ఐదు శాతం బ్రష్ చేసేదీ అదే.

కొన్ని మచ్చల్లో నలుపుదనం ఉండదు, రంగు తేడా మాత్రమే ఉంటుంది. మంగళస్నానం పసుపు మెడ మీద అక్కడక్కడా మిగిలిపోతుంది. ఎర్ర పట్టుచీర మీద పడిన వెలుగు గడ్డం కిందికి ఎర్రగా కొడుతుంది. అప్పగింతల్లో ఏడ్చి, ముక్కు తుడుచుకున్నాక ముక్కు చివర, కళ్ల అంచులు ఎర్రబడతాయి. వీటికి వెలుతురును ముట్టుకోనక్కర్లేదు. అన్ని లేయర్ల మీద ఒక ఖాళీ లేయర్ పెట్టి, దాని మోడ్ Color చేసి, పక్కనున్న చర్మం రంగును తక్కువ ఫ్లోతో పూస్తే చాలు. ఆ మోడ్‌లో రంగు మారుతుంది, వెలుగు నీడలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. రంధ్రాలు కనిపించేది వెలుగు నీడల వల్లనే కాబట్టి వాటికి ఇసుమంతైనా హాని జరగదు. ఇంకా మంచి సంగతేమిటంటే, సన్నని వివరాల్లో రంగు తేడాలను మన కన్ను అంత నిశితంగా పట్టుకోలేదు. జేపెగ్ ఫైలు కూడా ఈ బలహీనతను ఆసరా చేసుకునే సైజు తగ్గించుకుంటుంది. అందుకని రంగును ధైర్యంగా సరిచేయవచ్చు. వెలుతురు దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. అప్పగింతల ఫొటోలో మాత్రం ముక్కు చివరి ఎరుపును పూర్తిగా తీసేయమని ఎవరు చెప్పినా నేను తీయను. అది ఆ క్షణానికి సాక్ష్యం.

ఇక ఈ జల్లెడకు అందని మధ్య సైజువి కొన్ని ఉంటాయి. మూడు, ఐదు మిల్లీమీటర్ల మొటిమలు, మొటిమలు మానిన గుంటలు ఫొటోలో ఇరవై నుంచి ముప్పయి ఐదు పిక్సెళ్లుంటాయి. అవి కొంత కింది పొరలోకి, కొంత పై పొరలోకి పంచుకుపోతాయి. వాటి కోసం Radius పెంచేస్తే వంపులు, నీడలు కూడా పై పొరలోకి ఎక్కి మొత్తం పని పాడవుతుంది. విడి మొటిమ అయితే రెండు పొరల్లోనూ విడివిడిగా తీయాలి. పై పొరలో Healing Brush ను Current Layer కు పరిమితం చేసి, అలాంటి రంధ్రాలే ఉన్న పక్క చర్మంతో నింపాలి. ముక్కు మీది రంధ్రాలు పెద్దవి, చెంపవి వేరు, నుదుటివి వేరు. చెంప మీద మొటిమకు ముక్కు మీది చర్మం అతికిస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత కింది పొరలో మొటిమ ఎరుపును పైన చెప్పినట్టు పూతతో సరిచేయాలి.

గుంటలు చాలా ఉన్న చెంపకు డాడ్జ్ అండ్ బర్న్ ఒక్కటే దారి. రెండు Curves లేయర్లు పెట్టుకుని, ఒకటి కాస్త వెలుగు పెంచేలా, ఇంకోటి తగ్గించేలా సరిచేసి, రెండింటి మాస్కులూ నలుపు చేయాలి. తర్వాత తెల్ల బ్రష్‌తో, Flow రెండు మూడు శాతంతో, గుంటలో నీడ ఉన్నచోట వెలుగు లేయర్ మాస్కు మీద, గుంట అంచున మెరుపు ఉన్నచోట నీడ లేయర్ మాస్కు మీద గీయాలి. ఇక్కడ చర్మాన్ని మసక చేయడం లేదు, ఇంకో చోటి నుంచి అతికించడం లేదు. ఉన్న చర్మం మీదే వెలుగు నీడలు సర్దుతున్నాం. అందుకే అన్నిటికంటే సహజంగా వచ్చేది ఇదే. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేదీ ఇదే. ఒక ముఖానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆల్బమ్‌లో పెద్దగా వేసే రెండు మూడు ముఖాలకే దీన్ని దాచుకోవాలి.

గ్రూపు ఫొటోలకు ఇదేదీ అక్కర్లేదు. ముప్పయి మంది నిలబడ్డ ఫొటోలో ఒక ముఖం 150 పిక్సెళ్లు వస్తే, మిల్లీమీటరుకు ఒక్క పిక్సెల్ కూడా లేనట్టే. అందులో రంధ్రాలే లేవు, కాపాడేందుకు. మొత్తం వెలుగు, రంగు సరిచేసి వదిలేయాలి.

పని చెడుతోందని ముందే పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. మొదటిది, ఎక్కువ దగ్గరికి లాగి చూడడం. 200 శాతం జూమ్‌లో ప్రతి రంధ్రమూ లోపంలాగే కనిపిస్తుంది. సరిచేసేటప్పుడు 100 శాతం, తృప్తిగా ఉందో లేదో చూసేటప్పుడు ముఖం మొత్తం తెరలో పట్టేంత దూరం. రెండోది, అన్నిటి మీదా తాత్కాలికంగా ఒక నలుపు తెలుపు లేయర్ పెట్టి చూడడం. రంగు అడ్డం తొలగగానే వెలుగు నీడల్లో మిగిలిన మరకలు, మనం వేసిన అతుకులు బయటపడతాయి. మూడోది, చేతినీ మెడనూ ముఖంతో పోల్చడం. చేతి మీది చర్మం కంటే ముఖం మీది చర్మం తక్కువ నిజంగా కనిపిస్తే మోతాదు దాటినట్టే. దవడ చుట్టూ లేత గీతలా కాంతివలయం కనిపిస్తే పూత అంచు దాటిందని అర్థం. అక్కడ మాస్కుతో చెరిపేయాలి.

ఎంత పనితనం ఉన్నా కొన్ని ఫొటోల్లో రంధ్రాలను నిలబెట్టలేం, ఎందుకంటే వాటిలో అవి మొదటి నుంచీ లేవు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో సైజు తగ్గిపోయి ఉంటుంది. పైగా జేపెగ్ కుదింపులో 8×8 పిక్సెళ్ల గడుల్లో సన్నని వివరం చెరిగిపోతుంది. దాన్ని రెండు పొరలుగా విడదీస్తే పై పొరలో చర్మానికి బదులు గడులు కనిపిస్తాయి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ పెట్టి తీసిన ఫొటో కూడా అంతే, అది తీసేటప్పుడే చర్మాన్ని తుడిచేసింది. చీకట్లో ఐఎస్ఓ బాగా పెంచి తీసిన ఫొటోలో పై పొర నిండా నాయిస్ ఉంటుంది, దాన్ని చర్మమనుకుని మోసపోకూడదు. హోమం ముందు చెమట పట్టిన నుదురు మీద లైటు తిన్నగా పడితే ఆ చోటు 255కి చేరి తెల్లబారిపోతుంది. అక్కడ ఏ సమాచారమూ మిగలదు. దీనికి మందు ఎడిటింగ్‌లో లేదు. ఫొటో తీసేముందు ఒక మెత్తని టిష్యూతో నుదురు అద్దడం, లైటును కాస్త పక్కకు తిప్పడం, అసలు ఫైలును రా ఫార్మాట్‌లో ఉంచుకోవడం. ఈ మూడు చేస్తే ఎడిటర్ పని సగం తగ్గుతుంది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒక్క బటన్‌తో ముఖాలన్నీ సరిచేసే ప్లగిన్‌లు బుగ్గన పెట్టిన దిష్టి చుక్కను కూడా మచ్చనుకుని పలచన చేసేస్తాయి. బాసికం కింద నుదుటి మీద నీడను చెరిపేస్తాయి. పుట్టుమచ్చను మాయం చేస్తాయి. నేను పాటించే నియమం సులువైనది. నెల తర్వాత ఆ ముఖం మీద ఉండనిది తీసేయవచ్చు. పెళ్లి ముందు రోజు వచ్చిన మొటిమ, దోమకాటు, బాసికం దారం ఒరిసిన గీత అలాంటివి. నెల తర్వాతా ఉండేదాన్ని తగ్గించవచ్చు గానీ తీసేయకూడదు. మంగు మచ్చలు, మూతి చుట్టూ నలుపు ఈ కోవలోకి వస్తాయి. పుట్టుమచ్చ, గాయపు గుర్తు, నవ్వితే పడే గీత ఆ మనిషి సొంతం. అడిగితే తప్ప ముట్టుకోకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. మచ్చలు సరిచేయడం పేరుతో మనిషి రంగునే మార్చేయడం. మన ఆల్బమ్‌లలో ఇది ఎంత మామూలైపోయిందంటే, చామనఛాయ అమ్మాయి ముఖం గులాబీ రంగులోకి, చేతులు అసలు రంగులో ఉన్నా ఎవరూ ప్రశ్నించడం లేదు. మచ్చ తేడాను సరిచేయడానికి కావలసిన రంగు ఆ ముఖం మీదే, రెండు వేళ్ల దూరంలో ఉంటుంది. బయటి నుంచి తెచ్చుకోవలసిన పనే లేదు. 168, 124, 98 అన్న ఆ చెంప రంగు అందమైన రంగు. దాన్ని 230కి లాగడం రీటచింగ్ పనితనంలోకి రాదు. అలా చేసినప్పుడు రంధ్రాలు కూడా పేలవంగా, అతికించినట్టు కనిపిస్తాయి. పదికి పది తేడా అలాగే ఉన్నా అంత తెల్లని చర్మం మీద అది ఆనదు. నలుపును కొంచెం తేటపరచడం వేరు, ముఖాన్నే వెలిసిపోయేలా చేయడం వేరు. మొదటిదాన్ని చర్మం భరిస్తుంది, రెండోదాన్ని భరించదు.

అందుకే ఆల్బమ్ ప్రింటుకు వెళ్లే ముందు స్టూడియోకి వెళ్లి రెండు మాటలు అడగండి. పెద్దగా వేయబోయే ఒక ముఖాన్ని తెర మీద 100 శాతంలో చూపించమనండి. చెంప మీద రంధ్రాలు, పై పెదవి మీద నూగు కనిపిస్తున్నాయా, ముఖం రంగు మెడ రంగుతో కలుస్తోందా చూడండి. కలవకపోతే తగ్గించమని నిర్మొహమాటంగా చెప్పండి. లేయర్లు విడిగా ఉంచి పనిచేసిన ఎడిటర్‌కు అది ఒక స్లయిడర్ కదిపినంత పని. చివరిగా, దిద్దని అసలు ఫైళ్లను కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి. తుడిచేసిన చర్మాన్ని తిరిగి తెచ్చే పద్ధతి ఏదీ లేదు.